కాన్సర్ట్‌లో డాన్స్‌కీ, తిరుగు ప్రయాణానికీ సరిపోయే బట్టలు ఏవి?

వచ్చే వారం ఒక కాన్సర్ట్‌కి వెళ్తున్నాను. నాలుగు గంటలు నిలబడాలి, డాన్స్ చేయాలి, ఆ తర్వాత ఏసీ బస్సులో గంటన్నర ప్రయాణం.

పోయినసారి మందపాటి కాటన్ టీషర్ట్, జీన్స్ వేసుకున్నాను. గుంపులో అరగంటకే టీషర్ట్ తడిసి వీపుకి అంటుకుపోయింది. కాటన్ చెమటని పీల్చుకుంటుంది కానీ త్వరగా ఆరదు కదా, బస్సెక్కాక ఆ తడి మీద ఏసీ గాలి తగిలి వణికిపోయాను. నడుముకి కట్టుకున్న డెనిమ్ జాకెట్ ఎప్పుడు ముడి ఊడి జారిపోయిందో, కాళ్ల కింద నలిగి దొరికింది. తడిసిన జీన్స్ మోకాళ్ల దగ్గర పట్టేసి, డాన్స్‌లో కాలు సరిగ్గా మడవనివ్వలేదు.

అందుకే ఈసారి త్వరగా ఆరే స్పోర్ట్స్ టీషర్ట్, దాని మీద బటన్లు విప్పేసిన పల్చటి వదులు షర్ట్, సాగే గుడ్డతో కుట్టిన జిప్ జేబుల ప్యాంట్ అనుకుంటున్నాను. కానీ అద్దంలో చూసుకుంటే జిమ్‌కి బయల్దేరినట్టుంది. నాకు కాస్త మెరుపు, పండగ కళ కావాలి. సీక్విన్స్ టాప్ వేద్దామంటే, చేతులు పైకెత్తి ఊపినప్పుడు చంకల దగ్గర గీరుకుంటాయని భయం. ముందు వైపు మాత్రమే సీక్విన్స్ ఉన్నది ఎవరైనా వేసుకుని చూశారా?

చెప్పుల సంగతి తేల్చేశాను, వేళ్లు మూసి ఉండే పాత స్నీకర్సే. బస్సులో చలికి మాత్రం చిన్న స్లింగ్ బ్యాగ్‌లో పట్టేలా ఏం మడిచి పెట్టుకోవాలి? పల్చటి విండ్‌చీటరా, లేక పొడి టీషర్ట్ ఇంకొకటా? ఇలా వెళ్లొచ్చినవాళ్లు మీరేం వేసుకున్నారో చెప్పండి, ప్లీజ్.