స్కూలు వార్తల వీడియో: యాంకర్‌కి మాటలన్నీ రాసివ్వాలా, పాయింట్లు చాలా?

తెలుగు టీచర్: శనివారం శనివారం ఐదు నిమిషాల వార్తల వీడియో చేస్తున్నాం. ప్రతి మాటా రాసిస్తే యాంకర్ పిల్ల పద్యం అప్పజెప్పినట్టు చదువుతోంది, పాయింట్లు ఇస్తే తడబడుతోంది. ఏది మేలు? చివర్లో వాతావరణం లాంటి ముగింపు కూడా కావాలి.

పాత న్యూస్ డెస్క్: మాటలన్నీ రాయండి, కానీ నోటితో అనే మాటలే రాయండి. "నూతన బీరువాను ప్రారంభించడం జరిగింది" అని రాసిస్తే ఎవరు చదివినా అప్పజెప్పినట్టే ఉంటుంది. "లైబ్రరీకి కొత్త బీరువా వచ్చింది, తాళంచెవి మాత్రం ఇంకా రాలేదు" అంటే పిల్ల దానంతటదే మామూలుగా చెప్పేస్తుంది. ఇంకో సంగతి, అందరూ యాంకర్ మాటలు ముందు రాసేస్తారు, దాంతో రిపోర్టర్ వచ్చి మళ్ళీ "మన లైబ్రరీకి కొత్త బీరువా వచ్చింది" అనే మొదలుపెడతాడు. రిపోర్టర్ ముక్క షూట్ అయ్యాకే యాంకర్ లైన్లు రాయండి. ఏం జరిగిందో యాంకర్ రెండు వాక్యాల్లో చెప్పాలి, రిపోర్టర్ అక్కడ కనిపించేదానితో మొదలెట్టాలి: "ఇదిగో, కింది అరలో పుస్తకాలకి ఇంకా అట్టలు వేస్తున్నారు." కెమెరా ఆన్ అయ్యాక రెండు అంకెలు మనసులో లెక్కపెట్టి మాట్లాడమనండి, లేకపోతే ఎడిటింగ్‌లో మొదటి మాట తెగిపోతుంది.

కుర్ర మాస్టారు: నేను ఒప్పుకోను సార్. రాసిచ్చింది చదివితే కళ్ళు అటూ ఇటూ తిరుగుతాయి, ప్రాంప్టర్ యాప్ పెట్టినా అంతే. పాయింట్లే బెస్ట్.

పాత న్యూస్ డెస్క్: కళ్ళ మాట నిజమే, తప్పు స్క్రిప్టుది కాదు. ఫోన్ దగ్గరగా ఉండి వరస వెడల్పుగా ఉంటే అలా తెలిసిపోతుంది. ఆరేడు అడుగులు వెనక్కి జరిపి, అక్షరాలు పెద్దవి చేసి, వరసకి మూడు మాటలే పెట్టండి. అంత దూరం నుంచి గొంతు సరిగా రాదు కాబట్టి ఇంకో ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి బల్ల మీద పెట్టి, మొదట్లో ఒక చప్పట్టు కొట్టించండి, ఆ చప్పుడు చూసి రెండూ కలపొచ్చు. ఫ్యాన్ ఆపడం మర్చిపోవద్దు.

ఇద్దరు పిల్లల నాన్న: వాతావరణం చెప్పేటప్పుడు జాగ్రత్తండీ. వాతావరణ శాఖ "ఒకటి రెండు చోట్ల వర్షం" అంటే ఆ ప్రాంతంలో వాన కొలిచే కేంద్రాల్లో పాతిక శాతం లోపు చోట్లే అని, మన ఊళ్ళో తప్పకుండా పడుతుందని కాదు.

తెలుగు టీచర్: అయ్యో, నిజం వాన కాదండీ! "సోమవారం లెక్కల పరీక్ష, ఉరుములు. బుధవారం ఆటల పీరియడ్, ఎండ" అన్నట్టు, ఇరవై సెకన్లు.

ఎనిమిదో తరగతి అమ్మ: మా అబ్బాయి స్కూల్లో అలాగే "8బీలో కుంభవృష్టి" అన్నారు, మార్కులు తక్కువొచ్చాయని. వారమంతా ఆ సెక్షన్ వాళ్ళని గొడుగులు తెచ్చుకోమని ఏడిపించారు.

కుర్ర మాస్టారు: సరదా లేకపోతే ఎవరు చూస్తారండీ?

పాత న్యూస్ డెస్క్: రాబోయే పరీక్ష మీద ఉరుములు వేసుకోండి, వచ్చేసిన మార్కుల మీద వద్దు.

కుర్ర మాస్టారు: అది సరే. పాయింట్ల సంగతి మాత్రం నేను వదలను, ఈ శనివారం రెండు రకాలుగా తీసి పిల్లలకే చూపిస్తా.