శీర్షిక మాత్రమే అందిన నివేదిక: కథలో ఒక సందేహం, రెవెన్యూ అనుభవజ్ఞుల సహాయం కావాలి

నేను రాస్తున్న చిన్న కథలో, మండల రెవెన్యూ కార్యాలయంలోని ఒక గుమాస్తా, తుపాను వల్ల జరిగిన పంట నష్టంపై నివేదిక తయారు చేయమని కంప్యూటర్ ఆపరేటరుకు వాట్సాప్‌లో సందేశం పంపుతాడు. అయితే అందులో అతను అతికించినది ఇంతే: “విషయం: రెవెన్యూ – ప్రకృతి వైపరీత్యాలు – పంట నష్టం – నివేదిక సమర్పించుట – గురించి.” దాని కింద ఉండవలసిన సూచిక, గ్రామాల వారీ పట్టిక రెండూ లేవు.

సాయంత్రం లోపు కావాలని చెప్పి అతను ఫోన్ ఎత్తడు. ఆమె పాత ఫైలు తెరిచి, తేదీలు మార్చి, నిరుటి అంకెలనే ఉంచేస్తుంది. పెట్టుబడి రాయితీకి 33 శాతం, అంతకు మించిన నష్టమే లెక్కలోకి వస్తుంది కనుక, ఆ పాత అంకెలు ఈసారి నష్టపోయిన రైతును జాబితా నుంచి తప్పించగలవు. నా కథకు ముడి అక్కడే ఉంది.

ఇటువంటి నివేదిక తహసీల్దారు సంతకానికి వెళ్లే ముందు, వ్యవసాయ శాఖ వారి గణన పత్రాలతో దానిని సరిచూసేది ఎవరు? ఆ పొరపాటు కార్యాలయంలోనే బయటపడటం సహజమా, లేక గ్రామంలో జాబితా ప్రదర్శించినప్పుడు రైతులే పట్టుకోవడం సహజమా? అక్కడ పనిచేసినవారు దయచేసి తెలియజేయగలరు.