గిటార్ బ్రిడ్జి పిన్ను బిగుసుకుపోయింది, చెక్క చిట్లకుండా తీయడం ఎలా?

నా అకౌస్టిక్ గిటార్‌లో ఆరో తీగ పిన్ను ఎంతకీ రావడం లేదు. మిగతా ఐదూ సులువుగానే వచ్చాయి. తీగను పూర్తిగా వదులు చేసి, చివరి గుండు పిన్ను గాడిలోంచి జారుతుందని రంధ్రంలోకి కిందికి నొక్కాను, కదలలేదు. తీగలు చుట్టే పరికరానికి ఉండే గాడితో లాగితే ప్లాస్టిక్ పిన్ను తల అంచు అరిగింది, పక్కనే రోజ్‌వుడ్‌లో సన్నని పోగు లేచింది. అక్కడితో లాగడం ఆపేశాను. ప్లయర్స్ జోలికి పోలేదు, వాటి దవడలు చెక్క మీదే ఆనుతాయి. సౌండ్ హోల్‌లోంచి చెయ్యి పెట్టి, నాణెం అంచుతో పిన్ను కొసను పైకి నెట్టినా కిర్రుమందే తప్ప లేవలేదు. వానాకాలపు తేమకు చెక్క ఉబ్బిందేమో.

పిన్ను పోయినా బాధ లేదు, బ్రిడ్జి దక్కాలి. లోపలి నుంచి ఇంకా గట్టిగా నెట్టడం మేలా, పైనుంచి సన్నని డ్రిల్ బిట్‌తో పిన్ను మధ్యభాగాన్ని తొలిచేయడం మేలా?