సమస్య: చిట్టెలుకను జూచి చిఱుత పారె

నిర్వాహకుడు, నెల్లూరు: ఇది ఆటవెలది చివరి పాదం. పిల్లలు కూడా చదువుతారు కనుక, మీ పద్యంలో యడాగమం ఎక్కడ వచ్చినదో మీరే చూపండి.

కావలి సభ్యుడు:

బడిని నాటకమున బాత్రలు వేయగ
పులిగ నొకడు వచ్చె, బుడుత యొకడు
ఎలుక వేషమందు నెగిరి దూకిన యంత
చిట్టెలుకను జూచి చిఱుత పారె

‘బుడుత యొకడు’, ‘దూకిన యంత’ అనే రెండు చోట్ల యడాగమం ఉన్నది.

నిర్వాహకుడు: భావం హాయిగా కుదిరినది. అత్తుకు సంధి బహుళం కాబట్టి ఆ రెండు యకారాలూ చెల్లుతాయి. చిక్కంతా ‘ఒకడు’ తరువాత ‘ఎలుక’ రావడంలో ఉన్నది. ఉత్తుకు అచ్చు పరమైతే సంధి నిత్యం కనుక, పాదం మారినా ‘ఒకడెలుక’ అనే కావలెను. అప్పుడు మూడవ పాదం ‘లుక’తో మొదలై గణమూ యతీ రెండూ చెడుతాయి. ఆ పాదాన్ని ఇలా మార్చి చూడండి:

మూషికమయి యెగిరి మోకాలిపై బడ

‘అయి’ వంటి క్త్వార్థకపు ఇత్తుకు సంధి లేదు గనుక, ‘ఎగిరి’కి ముందు యకారం తప్పక వస్తుంది. ‘వచ్చి యిచ్చెను’ కూడా ఇటువంటిదే.

కందుకూరు సభ్యుడు: అంటే రెండు అచ్చుల మధ్య ఎప్పుడూ యకారం పెట్టవచ్చునన్న మాట. నేను ‘వాడు యెక్కడ’ అనే వ్రాస్తాను.

నిర్వాహకుడు: సగమే సరి, అన్నగారూ. సంధి జరగని చోటనే యకారానికి పని. ‘మా’, ‘అమ్మ’ కలిస్తే ‘మాయమ్మ’ అవుతుంది; ‘వాడు’, ‘ఎక్కడ’ కలిస్తే ఉకారం పోయి ‘వాడెక్కడ’ అవుతుంది.

ఒంగోలు సభ్యురాలు: నా దగ్గర పద్యం లేదు, ప్రశ్న మాత్రమే ఉన్నది. మా అమ్మాయి పరీక్షలో ‘చిట్టెలుక’ను ‘చిట్టి + ఎలుక’ అని విడదీస్తే మార్కు ఇవ్వలేదు. చిట్టి అంటే చిన్నదే కదా?

నిర్వాహకుడు: అమ్మా, చిన్నయసూరి సూత్రం ప్రకారం కుఱు, చిఱు, కడు, నడు, నిడు అనే మాటల ఱకార డకారాలకు, అచ్చు పరమైనప్పుడు, ద్విరుక్త టకారం వస్తుంది. ‘చిఱు’ ముందుగా ‘చిట్టు’ అవుతుంది; ఆ పైన ఉకారం పోయి ‘ఎలుక’తో కలుస్తుంది. పాపకు ‘నిట్టూర్పు’, ‘నట్టిల్లు’ ఇచ్చి చూడండి. ‘నిట్టి’, ‘నట్టి’ అనే విడి మాటలు దొరకవు కనుక ‘నిడు + ఊర్పు’, ‘నడు + ఇల్లు’ అనే విడదీయవలసి వస్తుంది. హల్లు పరమైతే ఈ మార్పు లేదు. అందుకే ‘చిఱునవ్వు’ అలాగే నిలిచినది.

ఒంగోలు సభ్యురాలు: అది సరే, కానీ ‘చిట్టి’ అనే మాట విడిగా ఉన్నదే!

నిర్వాహకుడు: ఉన్నది. రూపాన్ని మాత్రమే చూస్తే మీ అమ్మాయి విభజనను నేను కొట్టివేయలేను. పాఠంలోని సంధి పేరు అడిగితే మాత్రం ‘చిఱు’ అనే వ్రాయాలి.

కావలి సభ్యుడు: సవరణ అందంగా ఉన్నది. అయినా పాదం చివర ఊపిరి ఆగుతుంది కనుక అక్కడ విసంధి దోషం కాదనే నా పట్టు. నా ‘ఎలుక’ను నేను తీయను.