కొత్తగా చేరే అమ్మాయికి స్వాగతం మెయిల్: కాస్త చూసి చెప్పండి

నీలిమ_లీడ్:
మధ్యాహ్నం నుంచి ఒక్క మెయిల్‌తో కుస్తీ పడుతున్నాను. సోమవారం మా టీమ్‌లో ఒక అమ్మాయి చేరుతోంది. టీమ్ లీడ్‌ని కాబట్టి స్వాగతం మెయిల్ నేనే రాయాలి. రాసి మేనేజర్‌కి చూపిస్తే "సర్క్యులర్‌లా ఉంది, కాస్త ఆప్యాయంగా రాయి" అన్నారు. మార్చి చూపిస్తే "పనికొచ్చే వివరాలేవీ?" అన్నారు. మెయిల్ వెళ్లేది ఇంగ్లిష్‌లోనే, ఇక్కడ తెలుగులో పెడుతున్నా:

"మా కుటుంబంలోకి స్వాగతం! మీ కోసం అందరం ఎంతో ఉత్సాహంగా ఎదురుచూస్తున్నాం! సోమవారం పదింటికి స్టాండప్‌తో మొదలుపెడదాం, ఇన్వైట్ పంపాను. ప్రాజెక్ట్ డాక్యుమెంట్ల లింకులు కింద ఉన్నాయి, వీలైతే ముందే చూసి రండి. మొదటి వారంలోనే ఒక చిన్న టికెట్ పూర్తి చేద్దాం. ఏ సందేహమున్నా మొహమాటపడకుండా అడగండి."

ఇందులో ఏం తక్కువైంది? ఈ రాత్రికి పంపేయాలి, బుర్ర పనిచేయడం లేదు.

ఒక్క_లైన్:
ఏ ఐడీకి పంపుతున్నారు?

వ్యాకరణం_మాస్టారు:
ముందు ఆ ఆశ్చర్యార్థకాలు తీసేయండి. రెండు వాక్యాలకు రెండా? "డియర్" అని మొదలుపెడితే సర్కారు ఉత్తరంలా ఉంటుంది, "హాయ్ దేర్" అంటే ఎవరికి రాశారో మీకే తెలియనట్టు ఉంటుంది. పేరు రాసి కామా పెడితే చాలు. ఇక ఆ "కుటుంబం". మా ఇంట్లో ఎవరూ నాకు రెండు నెలల నోటీసు పీరియడ్ పెట్టలేదు. "టీమ్‌లోకి" అనండి, అబద్ధమూ కాదు, తక్కువా కాదు.

బెంచ్_బాబు:
కంగ్రాట్స్ అండీ, కొత్త జాబ్‌కి! మొదటి రోజు ఒరిజినల్ సర్టిఫికెట్లు, రిలీవింగ్ లెటర్, క్యాన్సిల్డ్ చెక్ తీసుకెళ్లండి. పాత కంపెనీ యూఏఎన్ నంబర్ కూడా రాసి పెట్టుకోండి. నేను మర్చిపోతే రెండోసారి తిప్పారు.

నీలిమ_లీడ్:
చేరేది నేను కాదండీ, మెయిల్ రాసేది నేను.
@ఒక్క_లైన్ ఆఫీసు ఐడీకే. ఐటీ వాళ్లు ఐడీ ముందే తయారు చేసి పెట్టారు.

ఒక్క_లైన్:
ఆ ఐడీ ఆమె ఎలా తెరుస్తుంది?

సెక్యూరిటీ_శీను:
ఆఫీసు ఐడీయే కరెక్ట్. పర్సనల్ మెయిల్‌కి ఆఫీసు విషయం ఒక్క అక్షరం కూడా పంపకూడదు, పాలసీ అదే. మా దగ్గర ఒకాయన క్లయింట్ పేరుతో సహా పంపి మెమో తెచ్చుకున్నాడు. డేటా లీకు ఇలాగే మొదలవుతుంది, ఎవరూ పట్టించుకోరు. ఇంకో విషయం, ఆ లింకుల్లో ఎవరైనా తెరవగలిగేవి ఉన్నాయేమో ఒక్కొక్కటీ చూడండి.

పాతకాపు:
నీలిమగారూ, మీ మేనేజర్ చెప్పిన రెండు మాటలూ నిజమే. కానీ అసలు చిక్కు ఒక్క_లైన్ అడిగినదాంట్లో ఉంది. ఆమె ఎక్కడికి వస్తోంది, ఆఫీసుకా, ఇంటి నుంచా? ఫ్రెషరా, అనుభవం ఉందా? ల్యాప్‌టాప్ ఎప్పుడిస్తారు? ఇవేవీ మీరు చెప్పలేదు.

నీలిమ_లీడ్:
అది మామూలే కదా అని రాయలేదు. ఆఫీసుకే, రాయదుర్గం మెట్రో దగ్గర. నాలుగేళ్ల అనుభవం ఉంది, కాకినాడ నుంచి ఆదివారం దిగుతుంది. ల్యాప్‌టాప్ సోమవారం హెచ్‌ఆర్ ఇండక్షన్ అయ్యాక ఐటీ డెస్క్‌లో ఇస్తారు, అంటే మధ్యాహ్నం మూడు దాటుతుంది.

పాతకాపు:
అయితే ఇప్పుడు మీ మెయిల్‌ని ఆమె వైపు నుంచి చదవండి. సోమవారం మూడింటి దాకా ఆమె అది చూడలేదు. చూసేసరికి పదింటి స్టాండప్ ఎప్పుడో అయిపోయి ఉంటుంది. మొదటి రోజే మీటింగ్‌కి రాలేదన్న టెన్షన్ పెట్టినట్టు. ముందే చూసి రమ్మన్న లింకులు వీపీఎన్ ఉంటేనే తెరుచుకుంటాయి.

అందుకే రెండు మెయిళ్లు రాయండి. ఒకటి ఈ రాత్రి, ఆమె పర్సనల్ ఐడీకి. శీను చెప్పినదాంట్లో సగం నిజం: క్లయింట్ పేరు, లింకులు, టీమ్ వాళ్ల నంబర్లు అందులో వద్దు. కానీ ఏ గేటుకి రావాలో చెప్పడం డేటా లీకు కాదు. ఆఫర్ లెటర్ వెళ్లింది కూడా ఆ ఐడీకే. ఐడీ మీ దగ్గర లేకపోతే హెచ్‌ఆర్ ద్వారా పంపించండి. టీమ్ మొత్తాన్ని సీసీలో పెట్టొద్దు, ఆమె సొంత ఐడీ అందరికీ ఎందుకు?

నేనైతే ఇలా రాస్తా: "సోమవారం తొమ్మిదిన్నరకి మెయిన్ గేటు దగ్గరికి రండి. మ్యాప్ కొన్నిసార్లు వెనక గేటుకి తీసుకెళ్తుంది, అక్కడ విజిటర్ పాస్ ఇవ్వరు. సెక్యూరిటీ దగ్గర మీ పేరు ఇచ్చాను, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. మధ్యాహ్నం దాకా హెచ్‌ఆర్‌తోనే ఉంటారు. ఒంటిగంటకి నేనే వచ్చి భోజనానికి తీసుకెళ్తాను. మూడింటికి ల్యాప్‌టాప్ ఇస్తారు. లాగిన్‌కి ఫోన్‌లో ఒక యాప్ వేయాలి, ఫోన్‌లో చార్జింగ్ ఉండేలా చూసుకోండి. ఆరింటికి ఇంటికి వెళ్లిపోవచ్చు. దారి తెలియకపోతే ఈ నంబర్‌కి ఫోన్ చేయండి." కింద మీ నంబర్.

మ్యాప్ సంగతి, ఫోన్ యాప్ సంగతి మీ ఆఫీసులో ఎలా ఉందో చూసుకుని మార్చండి. సెక్యూరిటీకి పేరు ఇచ్చాకే ఇచ్చానని రాయండి.

నీలిమ_లీడ్:
ఇందులో ఆప్యాయత ఎక్కడుంది? మా మేనేజర్ మళ్లీ సర్క్యులర్ అంటారు.

పాతకాపు:
"ఒంటిగంటకి నేనే వస్తాను" అన్న చోట ఉంది. కొత్త చోట ఒంటరిగా క్యాంటీన్‌లో ప్లేటు పట్టుకుని నిలబడటం ఎలా ఉంటుందో తెలుసుగా. అదీ చాలదంటే ఆమె గురించి ఒక్క వాక్యం కలపండి. ఇంటర్వ్యూలో ఏం చెబితే మీకు నచ్చింది?

నీలిమ_లీడ్:
పాత కంపెనీలో రాత్రిపూట ఫెయిలయ్యే బ్యాచ్ జాబ్‌ని ఎలా పట్టుకుందో చెప్పింది. లాగ్‌లో టైమ్ జోన్ తేడా. మాకూ అలాంటి గొడవే ఉంది.

పాతకాపు:
అదే రాయండి. "ఆ బ్యాచ్ జాబ్ సంగతి మా టీమ్‌కి చెప్పాను, అలాంటిదే ఒకటి మా దగ్గరా ఉంది" అంటే ఆ మెయిల్ ఇంకొకరికి పంపడానికి పనికిరాదు.

ఇక వారం సంగతి. ఎంప్లాయీ నంబర్ వచ్చేది చేరిన రోజే కాబట్టి యాక్సెస్ రిక్వెస్టులు అంతకుముందు పెట్టలేరు. మీ దగ్గర అప్రూవల్స్‌కి ఎంత పడుతుంది?

నీలిమ_లీడ్:
రెండు రోజులు, ఒక్కోసారి మూడు.

పాతకాపు:
అయితే కోడ్ కంటపడేది గురువారం. మొదటి వారం టికెట్ అనే మాట తీసేయండి, లేకపోతే బుధవారం దాకా ఖాళీగా కూర్చుని తనదే తప్పనుకుంటుంది. మంగళవారం మీ వాళ్లలో ఒకరి పక్కన కూర్చుని పని చూడమనండి. బుధవారం ఆ బ్యాచ్ జాబ్ గురించి బోర్డు మీద గీసి చెప్పండి, దానికి యాక్సెస్ అక్కర్లేదు. గురువారం సెటప్. శుక్రవారం మీతో అరగంట. ఇదీ, లింకులూ రెండో మెయిల్‌లో పెట్టి ఆఫీసు ఐడీకి పంపండి, సోమవారం మూడింటికి చూస్తుంది. యాక్సెస్‌లు ఆలస్యమవడం ఇక్కడ మామూలేనని కూడా అందులో రాయండి.

వ్యాకరణం_మాస్టారు:
పక్కన కూర్చోబెట్టే మనిషిని "బడ్డీ" అనొద్దని మనవి. మెంటార్ అనండి.

సెక్యూరిటీ_శీను:
మెంటార్ వేరు సార్. మెంటార్ ఏడాదంతా ఉంటాడు, బడ్డీ ప్రింటర్ ఎక్కడుందో చెబుతాడు.

వ్యాకరణం_మాస్టారు:
ప్రింటర్ చూపించడానికి హోదా ఎందుకు?

ఒక్క_లైన్:
మనిషి పేరు రాయండి చాలు.

నీలిమ_లీడ్:
ఇంకొకటి. రాత్రి ఎనిమిదిన్నరకి క్లయింట్ కాల్ ఉంటుంది, వారానికి మూడు రోజులు. అది ఇప్పుడే చెప్పాలా? బెదిరిపోతుందేమో.

పాతకాపు:
ఇంటర్వ్యూలో చెప్పారా?

నీలిమ_లీడ్:
"అప్పుడప్పుడు ఉంటాయి" అన్నారు మేనేజర్.

సెక్యూరిటీ_శీను:
మెయిల్‌లో వద్దు. రాతపూర్వకంగా పెడితే తర్వాత చూపిస్తారు.

పాతకాపు:
చూపించనివ్వండి. ఆదివారం దిగి హాస్టలో, ఇల్లో వెతుక్కునే మనిషి. రాత్రి కాల్స్ ఉన్నాయని తెలిస్తే దగ్గర్లో చూసుకుంటుంది. "మొదటి వారం కాల్స్‌కి రానక్కర్లేదు, తర్వాత వారానికి మూడు ఉంటాయి, ఇంటి నుంచి చేరవచ్చు" అని మొదటి మెయిల్‌లోనే రాస్తాను నేనైతే. చేరవచ్చో లేదో మీ మేనేజర్‌ని అడిగి రాయండి.

నీలిమ_లీడ్:
మొదటిది హెచ్‌ఆర్ ద్వారా పంపేశాను. మ్యాప్ మాది సరిగ్గా మెయిన్ గేటుకే తెస్తుంది, ఆ వాక్యం తీసేశా. కాల్స్ సంగతి మేనేజర్ ఫోన్‌లో చెబుతానన్నారు, చూడాలి. థాంక్స్ అందరికీ.

బెంచ్_బాబు:
మీ టీమ్‌లో ఇంకో పొజిషన్ ఏమైనా ఉందా అండీ?