రావలసిన బకాయిలను మెమొరాండంలో మొదటి డిమాండుగా పెట్టాలా, అసలు పెట్టకూడదా?

బీమింగ్ సెక్షన్ (ప్రశ్న అడిగినవారు): విజయనగరం జిల్లాలో ఒక జూట్ మిల్లులో పనిచేస్తున్నాను. పాత వేతన ఒప్పందం గడువు తీరిపోయింది. యాజమాన్యానికి మెమొరాండం రాసే పని కమిటీ నాకు అప్పగించింది. ఇరవై మూడు డిమాండ్లు వచ్చాయి. రిటైరైన వాళ్ల గ్రాట్యుటీ, జీతంలో కోసి కట్టని పీఎఫ్ మొదటి స్థానంలో ఉండాలని సగం మంది అంటున్నారు. జీతం పెంపు, డీఏ ముందు ఉండాలని మిగతా సగం. ఏ క్రమంలో పెట్టాలి, ఎలాంటి ఆధారాలు జతచేయాలి?

పాత కార్యదర్శి: బాబూ, గ్రాట్యుటీ, పీఎఫ్ ఆ కాగితంలో ఏ స్థానంలోనూ పెట్టకండి. విడిగా రాయండి. కారణం చెబుతాను. మెమొరాండం అంటే బేరానికి పిలుపు. అందులో పెట్టిన ప్రతి అంశం మీదా వాళ్లు బేరం ఆడతారు. "పెంపు ఇస్తాం, గ్రాట్యుటీ మూడేళ్లలో వాయిదాల మీద కడతాం" అంటారు. కొత్త జీతం మీద ఆశతో మీరు సంతకం చేస్తారు. మనిషి దిగిపోయిన ముప్పై రోజుల్లో చేతికి రావలసిన డబ్బును మూడేళ్లు వెనక్కి నెట్టింది అప్పుడు యాజమాన్యం కాదు, మీ సంతకమే.

పీఎఫ్ సంగతి ఇంకా తేట. నెల ముగిశాక వచ్చే 15వ తేదీలోపు కట్టాలి. మన వాటా జీతంలోంచి కోసి కట్టకపోతే అది నమ్మకద్రోహం కింద క్రిమినల్ కేసు అయ్యే పని. దాన్ని పట్టుకుని "దయచేసి కట్టగలరని కోరుతున్నాము" అని రాస్తారా? పీఎఫ్ కమిషనర్‌కు ఫిర్యాదు పంపండి, నకలు యాజమాన్యానికి ఇవ్వండి. మెమొరాండంలో ఒక్క వాక్యం చాలు: చట్టప్రకారం రావలసిన బకాయిలు ఈ చర్చల్లో భాగం కావు, వాటి మీద మా హక్కులు యథాతథం.

గరివిడి ఫర్నేసు: కార్యదర్శి గారు కోర్టు భాష మాట్లాడుతున్నారు. బేరం అలా జరగదు. నలభై అడిగితే పది వస్తాయి, ఆరు అడిగితే ఒకటి వస్తుంది. ఇరవై మూడూ పెట్టండి. ఇంకొక సంగతి, ఒప్పందం గడువు తీరిందంటే మీ అలవెన్సులకు రక్షణ లేనట్టే, రేపటి నుంచి ఏదైనా కోసేయగలరు. క్రమం గురించి తర్జనభర్జన పడుతూ కూర్చునే సమయం కాదిది.

పాత కార్యదర్శి: గడువు తీరడం వేరు, ఒప్పందం రద్దు కావడం వేరు. దాన్ని రద్దు చేస్తున్నామని ఒక పక్షం రాతపూర్వకంగా తెలియజేసి, అరవై రోజులు గడిచేదాకా పాత షరతులే నడుస్తాయి. ఆ తర్వాత కూడా సర్వీసు షరతులు మార్చాలంటే ఇరవై ఒక్క రోజుల నోటీసు ఇవ్వాలి. రేపు పొద్దున్నే కోసేయడం కుదరదు. కాబట్టి మెమొరాండంతో పాటు పాత ఒప్పందాన్ని ముగిస్తున్నామన్న నోటీసు ఇచ్చారో లేదో చూసుకోండి. అది లేకుండా కొత్త డిమాండ్లు పెడితే "పాతది ఇంకా నడుస్తోంది కదా" అని తిప్పి పంపుతారు.

ఇక నలభై అడగడం. యూనిఫాం గుడ్డ, క్యాంటీన్ టీ, సైకిల్ స్టాండు రేకులు, జీతం అన్నీ ఒకే వరుసలో ఉంటే వాళ్లు మొదటి సమావేశంలోనే రేకులు, టీ, గుడ్డ ఒప్పుకుని "పన్నెండు అంగీకరించాం" అని నోటీసు బోర్డులో పెడతారు. జీతం దగ్గర ఆగింది యూనియనే అనిపిస్తుంది. చిన్నవాటిని వర్క్స్ కమిటీకి పంపండి.

రాజాం అబ్బాయి: మా నాన్న ఇలాంటి మిల్లులోనే స్పిన్నింగ్‌లో ముప్పై ఏళ్లు చేసి దిగారు. గ్రాట్యుటీ ఇప్పటికీ రాలేదు. అడగడానికి వెళితే గేటు దగ్గర సెక్యూరిటీ "మీరు ఇప్పుడు కార్మికులు కాదు" అన్నాడు. యూనియన్ ఆఫీసులో "మీరు ఇప్పుడు సభ్యులు కాదు" అన్నారు. విడిగా రాయమని కార్యదర్శి గారు చెప్పడం బాగానే ఉంది. విడి కాగితం వెనుక ఎవరు నిలబడతారు? మగ్గాలు ఆపగలిగింది లోపల ఉన్నవాళ్లే. వాళ్ల కాగితంలో మొదటి వరుసలో లేకపోతే మా నాన్న డబ్బు ఎవరికీ పట్టదు.

పాత కార్యదర్శి: మీ కోపంలో న్యాయం ఉంది, కాదనను. ముందు లెక్క చూద్దాం. చివరి నెల బేసిక్, డీఏ కలిపి 15,600 అనుకుందాం. దాన్ని 26తో భాగిస్తే రోజుకు 600. ఏడాదికి పదిహేను రోజులంటే 9,000. ముప్పై ఏళ్లకు 2,70,000. ముప్పై రోజుల్లో కట్టకపోతే దాని మీద ఏడాదికి పది శాతం సాధారణ వడ్డీ, అంటే 27,000. ఒప్పందం రాసుకుని అసలును తగ్గించడం ఎవరి తరమూ కాదు, ఆ చట్టం మిగతా ఒప్పందాలకు పైన ఉంటుంది. కానీ వాయిదాల ఒప్పందాల్లో ఈ వడ్డీ మాట మాయమవడం నేను చాలాసార్లు చూశాను. మీ నాన్నగారు లేబర్ శాఖలో గ్రాట్యుటీ అధికారి దగ్గర సొంతంగా దరఖాస్తు వేయవచ్చు. యూనియన్ సభ్యత్వంతో పని లేదు.

రాజాం అబ్బాయి: ఉత్తర్వు వస్తుంది సార్. వసూలు? రెవెన్యూ వాళ్లు మిల్లు మీదికి వెళ్లేలోగా మిల్లే మూతపడితే?

రిటైర్డ్ పర్సనల్ ఆఫీసర్: బల్లకు అవతలివైపు చాలా ఏళ్లు కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను. కాగితం చేతికి రాగానే మేము చేసే మొదటి పని, ఒక్కో డిమాండు పక్కన పెన్సిలుతో ఖర్చు రాయడం. ఆ అంకె మీరే ముందుగా రాసి ఇస్తే చర్చ మీ అంకె మీద నడుస్తుంది. రోజుకు 50 రూపాయల పెంపు అంటే 26 రోజులకు 1,300 అని మీరు అనుకుంటారు. మేము దానికి పీఎఫ్ వాటా 12 శాతం, గ్రాట్యుటీకి ఇంచుమించు 4.8 శాతం కలిపి 1,500 పైచిలుకు వేసుకుంటాం. అది కూడా రాయండి. దాస్తే "వీళ్లకు లెక్క రాదు" అన్న అభిప్రాయం పడుతుంది, తర్వాత మీరు చెప్పిన ఏ అంకెనూ ఎవరూ నమ్మరు.

అసలు డబ్బు పోయేది డీఏ వాక్యంలో. పాత ఒప్పందాల్లో "పాయింటుకు ఇంత" అని 2001 ఆధార సంవత్సరంతో ఉంటుంది. ఇప్పుడు వెలువడే ధరల సూచీకి ఆధారం 2016. రెండింటికీ మధ్య గుణకం 2.88. సూచీ ఐదు పాయింట్లు పెరిగిందంటే పాత లెక్కలో అది 14.4 పాయింట్లు. పాయింటుకు రెండు రూపాయలైతే 28 రూపాయల 80 పైసలు రావాలి. ఆధార సంవత్సరం రాయకుండా "సూచీలో పాయింటుకు రెండు రూపాయలు" అని వదిలేస్తే చేతికి వచ్చేది పది. సూచీ పెరిగిన ప్రతిసారీ ఇదే నష్టం. రెండో అంకెకు ఒప్పుకుని, జీతం పెరిగిందని మిఠాయిలు పంచుకున్న యూనియన్‌ను చూశాను. నేను నోరు విప్పలేదు, అప్పటి నా ఉద్యోగం అది.

ఇంకొకటి. "నార ధర పెరిగింది, ఇవ్వలేం" అని తప్పకుండా అంటారు. 1987 నాటి జూట్ ప్యాకింగ్ చట్టం కింద ధాన్యం సంచులు ప్రభుత్వం ధర కట్టి కొంటుంది, ఆ ధరలో నార ధర కలిసే ఉంటుంది. కాబట్టి ఆ సాకు పనిచేసేది బయటి మార్కెట్టుకు వెళ్లే సరుకు మీదే. ఎన్ని మగ్గాలు ప్రభుత్వ సంచి నేస్తున్నాయో మీ వీవింగ్ వాళ్లకు తెలియదా? షిఫ్టులవారీగా మూడు నెలల లెక్క జతచేయండి. బ్యాలెన్స్ షీటు కంటే అది మమ్మల్ని ఎక్కువ ఇరుకున పెట్టేది.

పలాస జీడి: నేను జీడిపప్పు బట్టీలో పప్పు ఒలుస్తాను. మాకు కిలో లెక్కన కూలి. యూనియన్ లేదు. మేము కూడా ఇలా డీఏ అడగవచ్చా? పాయింట్లు అంటే కిలోలా?

పాత కార్యదర్శి: కిలోలు కావమ్మా, ధరల సూచీ. మీరు మొదట చూడవలసింది కనీస వేతనం. కిలో లెక్కన ఇచ్చినా, మామూలు పనిరోజుకు వచ్చే కూలి అంతకు తగ్గకూడదు. రాష్ట్రంలో దానిపై డీఏను ఏప్రిల్‌లో, అక్టోబరులో సవరిస్తారు. వారం రోజులు రోజుకు ఎన్ని కిలోలు ఒలిచారో, ఎంత ఇచ్చారో ఒక నోటుబుక్కులో రాసిపెట్టి, విడిగా ఇక్కడ అడగండి.

గరివిడి ఫర్నేసు: డీఏ సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటాను. మా ఒప్పందం తీసి చూడాలి. కానీ కాగితం ఎంత బాగా రాసినా చివర "లేదా ఫలానా తేదీ నుంచి సమ్మె" అని లేకపోతే ఎవరూ చదవరు.

పాత కార్యదర్శి: ఆ వాక్యం ఇందులో వద్దు. కొత్త కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాక ఏ పరిశ్రమలోనైనా సమ్మెకు పద్నాలుగు రోజుల ముందు నోటీసు తప్పనిసరి. రాజీ చర్చలు నడుస్తుండగా సమ్మె చెల్లదు. మెమొరాండంలో తేదీ వేస్తే యాజమాన్యం దాన్నే సమ్మె నోటీసుగా చూపించి లేబర్ అధికారి దగ్గరికి పరిగెత్తుతుంది, మీరు సిద్ధం కాకముందే చేతులు కట్టేసినట్టవుతుంది. ఒప్పందం మాత్రం చివరికి ఆ అధికారి సమక్షంలోనే చేసుకోండి. అప్పుడే అది సభ్యులు కానివాళ్లకు, పర్మనెంటు వాళ్లు రాని రోజు వాళ్ల స్థానంలో పనిచేసే బదిలీ కార్మికులకు కూడా వర్తిస్తుంది.

బీమింగ్ సెక్షన్: అందరికీ ధన్యవాదాలు. కమిటీలో మళ్లీ కూర్చున్నాం. డీఏ మొదట, ఆధార సంవత్సరం, 2.88 గుణకం రాసి. తర్వాత బేసిక్ పెంపు, మేము వేసిన ఖర్చు లెక్కతో. మూడోది ఏళ్ల తరబడి బదిలీలుగానే ఉన్నవాళ్ల పర్మనెంటు, హాజరు వివరాలు జతచేసి. యూనిఫాం, టీ వర్క్స్ కమిటీకి వెళ్లాయి. పీఎఫ్ కోసం పే స్లిప్పులో కోసిన నెల, పాస్‌బుక్కులో జమైన నెల పక్కపక్కన పెట్టి పట్టిక చేస్తుంటే కొందరికి జమ వరుసగా ఒకే నెల దగ్గర ఆగి కనిపించింది. అది విడి ఫిర్యాదుగా వెళుతుంది.

గ్రాట్యుటీ దగ్గరే తేలలేదు. వచ్చే ఏడాది దిగబోయే వీవింగ్ వాళ్లు అది మెమొరాండంలో లేకపోతే సంతకం పెట్టబోమంటున్నారు. వాళ్లు లేకపోతే సగం మగ్గాలు మా వెంట లేనట్టే.

రిటైర్డ్ పర్సనల్ ఆఫీసర్: పాత బకాయి కాకుండా, ఇకపై దిగేవాళ్ల కోసం గ్రాట్యుటీ నిధిని ఎల్‌ఐసీ దగ్గర విడిగా పెట్టాలని డిమాండు రాయండి. అది బేరం ఆడదగిన అంశం, వీవింగ్ వాళ్లకు సరిగ్గా కావలసిందీ అదే.

రాజాం అబ్బాయి: అంటే ఇప్పటికే దిగిపోయినవాళ్లు మళ్లీ బయటే.

పాత కార్యదర్శి: వాళ్ల దరఖాస్తులన్నీ యూనియన్ లెటర్‌హెడ్ మీద జాబితా చేసి, మెమొరాండం ఇచ్చే రోజే, అదే ప్రతినిధి బృందం లేబర్ ఆఫీసులో ఇవ్వాలి. మీ నాన్నగారిని కూడా వెంట తీసుకురండి. ఇంతకంటే మంచి దారి నాకు తోచడం లేదు.

రాజాం అబ్బాయి: వస్తారు. కానీ ఆ జాబితా మీద మీ కమిటీ అధ్యక్షుడి సంతకం ఉంటుందా, లేదా? బీమింగ్ సెక్షన్ గారే చెప్పాలి.