వార్షికోత్సవ స్వాగతోపన్యాసం: తెలుగు మధ్యలో ఇంగ్లీషు వాక్యాలు ఎన్ని, ఎక్కడ?

ఎంవీపీ కాలనీ తల్లి:
మా అమ్మాయి ఇంగ్లీషు మీడియంలో ఎనిమిదో తరగతి చదువుతోంది. ఈసారి పాఠశాల వార్షికోత్సవంలో స్వాగతోపన్యాసం తనకు అప్పగించారు. ముఖ్య అతిథి నౌకాదళ అధికారి, ఉత్తరాది వారు, తెలుగు రాదు. ఉపన్యాసం తెలుగులోనే ఉండి, అతిథుల కోసం మధ్యలో చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలు ఉండాలని ప్రిన్సిపాల్ గారు చెప్పారు. మొత్తం ఇంగ్లీషులో ఉంటేనే మర్యాద అని తోటి తల్లిదండ్రులు అంటున్నారు. ఏది సబబు?

కూర్మన్నపాలెం నాన్న:
అమ్మా, పిలిచిన పెద్దమనిషికి ఒక్క ముక్క అర్థం కాకుండా వేదిక మీద కూర్చోబెట్టడం నాకు మర్యాదగా తోచదు. మన విశాఖలో నౌకాదళం, స్టీల్‌ప్లాంట్, పోర్టు ఉన్నందున తెలుగు రాని అతిథులు రావడం మామూలే. మొత్తం ఇంగ్లీషులో పెట్టండి. అది కుదరకపోతే ప్రతి తెలుగు వాక్యం వెనకాలే దాని ఇంగ్లీషు కూడా చెప్పించండి.

సీతమ్మధార పెద్దాయన:
అసలు తప్పు ఇంగ్లీషు మీడియంలో ఉంది. 2019లో ప్రభుత్వ బడులన్నిటినీ ఇంగ్లీషు మీడియంలోకి మార్చాలని జీవో తెచ్చారు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. అయినా మనం మారలేదు. పిల్లకు మొత్తం తెలుగే నేర్పండి, ఇంగ్లీషు ఒక్క ముక్క వద్దు.

భీమిలి మాస్టారు:
పెద్దాయన గారూ, బోధనా మాధ్యమం గురించి మీ ఆవేదన నాకు తెలుసు. అయితే ఈ తల్లి అడిగింది ఒక సాయంత్రం వేదిక మీద రెండున్నర నిమిషాల మాటల గురించి కాబట్టి దానికే పరిమితమవుతాను. తెలుగు ఉపాధ్యాయుడిగా చాలా ఏళ్లు ఈ పిల్లలను వేదిక ఎక్కించినవాణ్ణి.

కూర్మన్నపాలెం వారు చెప్పినదాంట్లో సగం నిజం. అతిథికి తన గురించి చెప్పిన మాట అర్థం కావాలి. కానీ వేదిక ముందు కూర్చున్న తాతయ్యలు, అమ్మమ్మలు, ఆరిలోవ నుంచో పెందుర్తి నుంచో రెండు బస్సులు మారి వచ్చిన తల్లిదండ్రులు కూడా ఆహ్వానితులే. ప్రతి వాక్యాన్నీ రెండుసార్లు చెప్పిస్తే రెండున్నర నిమిషాలది ఐదు నిమిషాలవుతుంది, సభలో ఎవరూ రెండో సగం వినరు. వెనక వరుసల్లో గుసగుసలు మొదలయ్యాయంటే ఉపన్యాసం పొడవైందని అర్థం. పైగా తెలుగులో నిలకడగా మాట్లాడిన పిల్ల ఇంగ్లీషులోకి రాగానే గబగబా చదివి గొంతు తగ్గిస్తుంది. అలా ప్రతి వాక్యానికీ భాష మారిస్తే ఏ భాషలోనూ కుదురుకోలేదు.

కాబట్టి మూడు చోట్ల మాత్రమే ఇంగ్లీషు పెట్టండి, ఒక్కో చోట ఒకటి రెండు వాక్యాలు చాలు. అవి తెలుగు వాక్యాలకు అనువాదాలు కాకూడదు. అతిథితో నేరుగా మాట్లాడే మాటలై ఉండాలి, ఆ మాట అనేటప్పుడు అమ్మాయి ఆయన వైపు తిరగాలి. మీ అమ్మాయికి నేనైతే ఇలా రాసిస్తాను:

"సభకు నమస్కారం. ఈనాటి సభాధ్యక్షులు మా ప్రిన్సిపాల్ గారికి, వేదికనలంకరించిన పెద్దలకు, మా గురువులకు, మమ్మల్ని ఇక్కడికి పంపిన తల్లిదండ్రులకు మా పాఠశాల విద్యార్థులందరి తరఫున స్వాగతం. మా ఆహ్వానాన్ని మన్నించి విచ్చేసిన ముఖ్య అతిథి గారికి ప్రత్యేక స్వాగతం."

ఇక్కడ ఆగి, అతిథి వైపు తిరిగి: "గుడ్ ఈవినింగ్, సర్. వుయ్ ఆర్ ఆనర్డ్ టు హ్యావ్ యూ విత్ అస్."

తరువాత మళ్లీ సభ వైపు తిరిగి: "ఈ సంవత్సరం మా తరగతి బీచ్ రోడ్డులోని కుర్సురా జలాంతర్గామిని చూసి వచ్చింది. 2001 వరకు సముద్రంలో సేవ చేసిన ఆ నౌక లోపల నావికులు నిద్రపోయే ఇరుకు పడకలు చూశాక, వారి జీవితం మాకు కొంచెం అర్థమైంది."

వెంటనే అతిథితో: "సర్, వుయ్ వాక్డ్ త్రూ ది కుర్సురా దిస్ ఇయర్. వుయ్ హ్యావ్ మెనీ క్వశ్చన్స్ ఫర్ యూ."

ఆ మాట వింటే అతిథి తన ప్రసంగంలో దాన్ని అందుకునే అవకాశం ఉంది. తెలుగు భాగంలో ఏం చెప్పారో కూడా ఆయనకు దానంతటదే తెలుస్తుంది. ఇక విశిష్ట అతిథులను తెలుగులో ఒక్కో వాక్యంతో ఆహ్వానించి, ఆటపాటలు చూడవలసిందిగా సభను కోరి, చివరన "ప్లీజ్ ఎంజాయ్ ది ఈవినింగ్ విత్ అస్, సర్" అని ముగించవచ్చు. విద్యార్థుల మార్కులు, బహుమతుల లెక్కలు ఇందులో చేర్చవద్దు, అవి వార్షిక నివేదికలో వస్తాయి.

నిమిషానికి 70, 80 తెలుగు మాటలకు మించితే పిల్లలు తడబడతారని నా అనుభవం. మాట మాటకీ మైకు దగ్గరకు వంగకుండా, నోటికీ మైకుకీ బెత్తెడు దూరంలో నిలబడి మాట్లాడడం అలవాటు చేయించండి.

ఎంవీపీ కాలనీ తల్లి:
మాస్టారూ, ఎంతో వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. మా అమ్మాయి తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని చదువుతానంటోంది. అలా చేయవచ్చునా? కుర్సురాకు వాళ్లు నిజంగానే వెళ్లారు కాబట్టి ఆ భాగం ఉంచుతాం.

భీమిలి మాస్టారు:
వద్దమ్మా. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే "ళ"కీ "ల"కీ, "ణ"కీ "న"కీ తేడా పోతుంది, దీర్ఘాలు ఎక్కడున్నాయో కనిపించవు. అలా చదివినప్పుడు "పాఠశాల" కాస్తా "పాటశాల" అయి, "సభాధ్యక్షులు" ముక్కలై వినిపించడం నేను చాలాసార్లు చూశాను. తెలుగు తెలుగు లిపిలోనే, ఇంగ్లీషు వాక్యాలు ఇంగ్లీషు లిపిలోనే, వేరే రంగు సిరాతో రాయించండి. రంగు మారిన చోట తల ఎత్తి అతిథిని చూడాలని చెబితే గుర్తుంటుంది. "ఆనర్డ్" అన్న ఇంగ్లీషు మాటలో మొదటి అక్షరం హెచ్ పలకదు, పిల్లలు "హానర్డ్" అంటారు, అది మాత్రం ముందుగా సరిచేయించండి.

మధురవాడ అక్క:
మా అబ్బాయి పాఠశాలలో కార్యక్రమానికి ముందు రోజు అతిథి మారిపోయారు. నౌకాదళం వారికి విధుల పిలుపు వస్తే రాలేరు కదా. మావాడు కంఠస్థం చేసిన పేరు నోటి నుంచి వదల్లేక పాత పేరే చెప్పేశాడు, పాపం చాలా బాధపడ్డాడు. పేరున్న వాక్యాన్ని కాగితంలో విడిగా పెట్టి, చివరి రోజు వరకు కంఠస్థం చేయించకండి. కొత్త అతిథి నౌకాదళం వారు కాకపోతే కుర్సురా వాక్యం మాటేమిటి మాస్టారూ?

భీమిలి మాస్టారు:
మంచి ప్రశ్న తల్లీ. తెలుగు భాగం అలాగే ఉంచి, ఇంగ్లీషులో "వుయ్ హ్యావ్ మెనీ క్వశ్చన్స్ ఫర్ యూ" అన్న వాక్యం మాత్రం తీసేయాలి. పేరు ముందు హోదా ఉంటే దాన్నే వాడండి, కమాండర్ అన్నాక మళ్లీ "శ్రీ" చేర్చనక్కరలేదు.

కూర్మన్నపాలెం నాన్న:
అనువాదం విషయంలో మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను మాస్టారూ. కానీ మీరు సభాధ్యక్షులను ముందు పెట్టి, ముఖ్య అతిథిని అందరి తరువాత పిలిచారు. తెలుగు రాని మనిషికి తన వంతు వచ్చేదాకా ఏమీ తెలియదు. నా దృష్టిలో ఆయన్నే మొదట పలకరించాలి.

భీమిలి మాస్టారు:
సభ నడిపేది అధ్యక్షులు గనుక మన సభల్లో మొదట వారినే సంబోధిస్తాం. నేను ఆ పద్ధతిని వదలను. కొన్ని పాఠశాలలు ముఖ్య అతిథితోనే మొదలుపెడుతున్న మాట కూడా నిజమే. అమ్మా, మీ ప్రిన్సిపాల్ గారినే అడిగి, వారు చెప్పిన వరుసలోనే కాగితం రాయించండి.